మోచేయి లెక్క: సమాంతర రేఖల మధ్య వంగిన గీత దగ్గర తెలియని కోణం కనుక్కోవడం

మా ఊరు ఆమదాలవలస. స్టేషన్ బోర్డు మీద మాత్రం శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది. సాయంత్రం ఆరు దాటాక మా వీధి అరుగు మీద పదిమంది పిల్లలు చేరి లెక్కలు చేసుకుంటారు. మొన్న తొమ్మిదో తరగతి కుర్రాడొకడు నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టాడు. పైన ఒక అడ్డగీత, కింద ఒక అడ్డగీత, రెండూ సమాంతరాలు. మధ్యలో మడిచిన మోచేయిలా ఒక గీత. పై కోణం 140°, కింది కోణం 125°, మధ్యలో మడత దగ్గర కోణం ఎంత అని ప్రశ్న. వాడు రెండూ కూడి 265° అని రాశాడు. పుస్తకం వెనక జవాబు 95° అని ఉంది.

"నిన్న కూడితే వచ్చింది గదా, ఇయాల రాలేదేటి మాస్టారూ?" అన్నాడు.

నిన్నటి లెక్కలో కోణాలు 50°, 35°. కూడితే 85°, జవాబు సరిపోయింది. బొమ్మ చూడ్డానికి అలాగే ఉంది కాబట్టి ఇవాళా కూడాడు. ఈ ఒక్క లెక్క ఎందుకు ఒకసారి కూడితే వస్తుందో, ఇంకోసారి ఎందుకు రాదో తెలిస్తే ఏకాంతర కోణాలు, ఒకే వైపు అంతర కోణాలు అన్న రెండు మాటలూ చేతికి వచ్చినట్టే. అందుకని దీన్నే పట్టుకుని మొదటినుంచీ చెబుతాను.

ముందు నేల మీద చూడండి

ఇంట్లో టైల్స్ నేల ఉంటే కోణమానితో కూడా పని లేదు. పక్కపక్కనున్న రెండు టైల్స్ అతుకులు తీసుకోండి, అవే మన సమాంతర రేఖలు. చీపురులోంచి ఒక కొబ్బరి ఈనె లాగి ఆ రెండు అతుకుల మీదుగా ఏటవాలుగా పెట్టండి. అదే తిర్యగ్రేఖ. ఈనె ఒక్కో అతుకునూ దాటిన చోట నాలుగేసి కోణాలు, మొత్తం ఎనిమిది. ఈ ఎనిమిదిలో రెండు అతుకుల మధ్య ఉన్నవి నాలుగే. వాటినే అంతర కోణాలు అంటాం. ఈ రోజు మనకు కావలసింది ఆ నాలుగే.

ఆ నాలుగింటిలో పైన ఒకటి, కింద ఒకటి తీసుకోండి. పైది ఈనెకు ఎడమ పక్క, కిందిది కుడి పక్క ఉంటే అవి ఏకాంతర కోణాలు. వేలితో గీస్తూ పోతే ఇంగ్లీషు జెడ్ అక్షరం వస్తుంది. ఏటవాలును బట్టి ఆ జెడ్ తిరగబడి కూడా ఉండొచ్చు. పైదీ కిందిదీ రెండూ ఈనెకు ఒకే పక్కన ఉంటే అవి తిర్యగ్రేఖకు ఒకే వైపున్న అంతర కోణాలు. వీటిని గీస్తే మూలలు తేలిన సి అక్షరం వస్తుంది. పేరు పొడవుగా ఉంది కాబట్టి ఇక్కడ ఒకే వైపు కోణాలు అంటాను.

ఏకాంతర కోణాలు సమానం. ఎందుకో చూడాలంటే పల్చటి కాగితం మీద ఆ బొమ్మను దించి, రెండు అతుకుల మధ్య ఉన్న ఈనె ముక్కకు సరిగ్గా నడిమధ్యన గుండుసూది గుచ్చండి. కాగితాన్ని సగం చుట్టు తిప్పండి. పై గీత వచ్చి కింది గీత మీద పడుతుంది, కిందిది పైదాని మీద పడుతుంది, ఎడమ కోణం కుడి కోణం మీద కూర్చుంటుంది. గీతలు సమాంతరాలు కాకపోతే ఇలా కూర్చోదు. ఒక కొస దగ్గర కొంచెం తేడా కనబడుతుంది.

ఒకే వైపు కోణాలు కూడితే 180°. దీన్ని విడిగా బట్టీ పట్టక్కర్లేదు. పై గీత మీద, ఈనెకు చెరో పక్కనా ఉన్న రెండు అంతర కోణాలు కలిస్తే సరళ కోణం, అంటే 180°. వాటిలో ఒకటి కింద ఉన్న తన ఏకాంతర కోణానికి సమానం. ఆ ఒకటి తీసి దాని బదులు కిందిదాన్ని పెడితే మిగిలేది ఒకే వైపు జత. కూడిక మారలేదు, 180° అలాగే ఉంది.

ఇక్కడే ఒక చిన్న చిట్కా. ఒక్క తిర్యగ్రేఖ రెండు సమాంతర రేఖల్ని ఖండించినప్పుడు ఆ ఎనిమిది కోణాల్లో రెండే రెండు కొలతలు ఉంటాయి, ఒక అల్పకోణం, ఒక అధికకోణం. నిలువుగా ఖండిస్తే అన్నీ 90°, అది వేరు. మీకు ఇచ్చిన రెండు కోణాలూ అల్పమే అయితే సమానం, రెండూ అధికమే అయితే సమానం, ఒకటి అల్పం ఒకటి అధికం అయితే కూడితే 180°. పేరు గుర్తు రాక టెన్షన్ పడే పిల్లలకు ముందు ఇదే చెబుతాను. జవాబు వచ్చాక పేరు వెతుక్కోవచ్చు. కాకపోతే బొమ్మ మరీ వంకరగా వేసి ఉంటే ఈ కంటి చూపు మోసం చేస్తుంది, కాబట్టి దీన్ని సరిచూసుకోవడానికి వాడండి, కారణంగా రాయకండి.

పేరు తప్పితే ఏమవుతుంది

ఒకే వైపు కోణాలు (3x + 10)°, (2x + 20)° అని ఇచ్చారనుకోండి. ఎక్కువమంది చేసే తప్పు ఒకటే, కోణాలు కనబడగానే రెంటి మధ్యా సమానం గుర్తు పెట్టేస్తారు.

3x + 10 = 2x + 20 అని రాస్తే x = 10 వస్తుంది. రెండు కోణాలూ 40° అవుతాయి. లెక్క ఎక్కడా తడబడదు, అంకెలు కూడా గుండ్రంగా వస్తాయి, అందుకే తప్పని తోచదు. కానీ ఈ రెండూ తిర్యగ్రేఖకు ఒకే పక్కన ఉన్నాయి. 40°, 40° కూడితే 80°. అంటే రెండు గీతలూ ఆ పక్కకి బాగా వాలిపోయి కొంచెం దూరంలోనే కలిసిపోతాయి. కలిసే గీతలు సమాంతరాలు ఎలా అవుతాయి?

సరైన దారి ఇది:

```
3x + 10 + 2x + 20 = 180
5x + 30 = 180
x = 30
```

కోణాలు 100°, 80°. ఒకటి అధికం, ఒకటి అల్పం, కూడితే 180°. x దగ్గర ఆగిపోకుండా కోణాలు రెండూ రాసి ఇలా ఒకసారి చూసుకోవడం వల్లే తప్పు దొరుకుతుంది. x = 10 దగ్గరే పెన్ను మూసేసినవాడికి అది ఎప్పటికీ దొరకదు.

ఒకే వైపు కోణాల మొత్తం 180° కంటే తక్కువైతే ఆ వైపున గీతలు కలుస్తాయన్న ఈ మాటనే యూక్లిడ్ రెండు వేల మూడు వందల ఏళ్ల క్రితం తన ఐదో స్వీకృతంగా పెట్టుకున్నాడు. అంటే నిరూపించకుండా ఒప్పుకుని మొదలుపెట్టే మాటల్లో ఇదొకటి. తర్వాత రెండు వేల ఏళ్లపాటు ఎందరో దీన్ని మిగతావాటి నుంచి నిరూపించబోయి ఓడిపోయారు. మన పిల్లలు నోటుబుక్కులో ఒక వరుసలో రాసేసే కారణం వెనక ఇంత కథ ఉంది.

ఇప్పుడు మోచేయి

మళ్లీ అరుగు మీదికి వద్దాం. కుర్రాడి నిన్నటి లెక్క బొమ్మ ఇది:

```
A ------------------- B
                    /
                  /
                E
                  \
                    \
C ------------------- D
```

AB ∥ CD. ∠ABE = 50°, ∠CDE = 35°. ∠BED ఎంత?

ఈ బొమ్మలో చిక్కు ఏమిటంటే రెండు సమాంతర రేఖల్నీ ఖండించే గీత ఒక్కటి కూడా లేదు. BE పై గీతను తాకుతుంది కానీ కింది గీత దాకా వెళ్లదు. ED కింది గీతను తాకుతుంది, పైకి రాదు. తిర్యగ్రేఖే లేనప్పుడు ఏకాంతర కోణాలు ఎక్కడివి? చాలామంది పిల్లలు ఇక్కడే, ∠ABE, ∠CDE ఏదో రకంగా జత అనుకుని సమానం పెట్టడమో, 180లోంచి తీసెయ్యడమో చేస్తారు. ఆ రెండూ ఏ జతా కావు. వాటి దారి మధ్యలో E దగ్గర విరిగిపోయింది.

మొదటి అడుగు. మడత ఉన్న చోట, అంటే E గుండా, AB కి సమాంతరంగా ఒక గీత గీయండి. AB, CD సమాంతరాలు కాబట్టి, ఒకే రేఖకు సమాంతరమైన రేఖలు ఒకదానికొకటి సమాంతరాలే కాబట్టి, ఈ కొత్త గీత CD కి కూడా సమాంతరం. రూళ్ల నోటుబుక్కులో బొమ్మ వేస్తే ఇంకా సుఖం. AB, CD లను రూళ్ల మీద పెట్టి, E ని మధ్యలో ఏదో ఒక రూలు మీద పెట్టండి. కావలసిన గీత కాగితం మీద ముందే ఉంటుంది, దాని మీద పెన్సిల్ తిప్పితే చాలు. కుడివైపు కొసకు F అని పేరు పెట్టండి.

రెండో అడుగు. కింది సగాన్ని అరచేత్తో మూసేయండి. ఇప్పుడు కనిపించేది AB, EF, మధ్యలో BE. మామూలు బొమ్మ, మామూలు తిర్యగ్రేఖ. A ఎడమకు ఉంది, F కుడికి ఉంది. పైన ఒక పక్క, కింద ఇంకో పక్క, కాబట్టి ఏకాంతరం. ∠BEF = ∠ABE = 50°.

మూడో అడుగు. చెయ్యి తీసి పై సగాన్ని మూయండి. EF, CD, మధ్యలో ED. F కుడికి, C ఎడమకు. మళ్లీ ఏకాంతరం. ∠FED = ∠CDE = 35°.

నాలుగో అడుగు. చెయ్యి పూర్తిగా తీసేయండి. ∠BED ని EF రెండు ముక్కలు చేసింది. 50° + 35° = 85°.

అరచేత్తో మూసే పని చిన్నపిల్లల ఆటలా అనిపిస్తుంది కానీ నేను పెద్ద క్లాసు పిల్లల చేత కూడా చేయిస్తాను. బొమ్మలో ఐదారు గీతలు ఒకేసారి కనిపిస్తుంటే ఏది దేనికి తిర్యగ్రేఖో తేలదు. సగం మూస్తే మూడే గీతలు మిగులుతాయి.

ఈనెను కుడికి నెడితే

కుర్రాడికి ఇది అర్థమైంది. అప్పుడు పచ్చి ఈనె ఒకటి తీసుకుని మధ్యలో వంచమన్నాను. ఎండు ఈనె పుటుక్కున విరిగిపోతుంది, పచ్చిదైతే వంగి అలాగే నిలబడుతుంది. వంచిన ఈనె రెండు కొసల్నీ రెండు టైల్స్ అతుకుల మీద B, D అనుకున్న చోట పెట్టి, మడత ఎడమకు ఉండేలా అమర్చాడు. అది నిన్నటి బొమ్మ. "ఇప్పుడు కొసలు కదపకుండా మడతను కుడికి తిప్పు" అన్నాను. అది ఇవాళ్టి బొమ్మ:

```
A --------- B
              \
                \
                  E
                /
              /
C --------- D
```

∠ABE = 140°, ∠CDE = 125°. A, C ఉన్న వైపే చూస్తున్న ∠BED కావాలి.

అడుగులు అవే. E గుండా సమాంతర రేఖ గీయాలి. ఈసారి మనకు కావలసిన కోణం ఎడమకు తెరుచుకుని ఉంది కాబట్టి గీతను ఎడమకు గీస్తే ఆ కోణాన్ని చీలుస్తుంది. ఎడమ కొసకు G అని పేరు పెడదాం.

కింది సగం మూయండి. AB, GE, మధ్యలో BE. A ఎడమకే, G కూడా ఎడమకే. రెండూ తిర్యగ్రేఖకు ఒకే పక్క. ఇక్కడ జెడ్ లేదు, సి ఉంది. కాబట్టి సమానం కాదు, మొత్తం 180°. ∠BEG = 180° − 140° = 40°.

పై సగం మూయండి. G ఎడమకు, C ఎడమకు. మళ్లీ ఒకే వైపు. ∠GED = 180° − 125° = 55°.

రెండూ కూడితే ∠BED = 95°. పుస్తకం వెనక ఉన్న జవాబు.

కుర్రాడు అడ్డంగా తల ఊపాడు. "మరి నిన్నటిలాగ గీత కుడికి గీస్తే తప్పా మాస్టారూ?" అన్నాడు. మంచి ప్రశ్న. తప్పు కాదు, గీసి చూద్దాం అన్నాను. E నుంచి కుడికి EF గీశాడు. A ఎడమకు, F కుడికి, ఏకాంతరం, కాబట్టి ∠BEF = 140°. కింద కూడా అలాగే, ∠FED = 125°. కూడితే 265°.

అంటే వాడు మొదట రాసిన అంకె గాల్లోంచి ఊడిపడింది కాదు. E దగ్గర నిజంగానే 265° కోణం ఉంది. అది మడతకు వెనకవైపు, కుడిపక్కన చుట్టూ తిరిగి వచ్చే పెద్ద కోణం, రిఫ్లెక్స్ యాంగిల్ అంటామే, అది. ప్రశ్న అడిగింది లోపలివైపు కోణం. E చుట్టూ మొత్తం 360°, అందులోంచి 265° పోతే 95°. నిన్నటి బొమ్మలో మడత ఎడమకు ఉంది కాబట్టి కుడివైపు ఉన్నది చిన్న కోణం, అదే ప్రశ్న అడిగింది. అందుకే కూడగానే సరిపోయింది.

కాబట్టి మడత రెండు సమాంతర రేఖల మధ్య ఉన్నంతవరకు, A, C ఉన్న వైపుకు ఎదురువైపు కోణం ఎప్పుడూ ఆ రెంటి మొత్తమే. మడతను మెల్లగా ఎడమ నుంచి కుడికి జరుపుతూ పోతే ఆ మొత్తం 180° కి ఒకచోట తగులుతుంది. అక్కడ ఈనె తిన్నగా ఉంటుంది, మడతే ఉండదు, ∠ABE, ∠CDE మామూలు ఒకే వైపు కోణాలు అవుతాయి. ఒకే వైపు కోణాల నియమం ఈ మోచేయి లెక్కలో ఒక మెట్టు మాత్రమే అని అప్పుడు కనబడుతుంది. నాకు ఇది బాగా ఇష్టం. కానీ పరీక్షలో దీన్ని సూత్రంగా రాయకండి, గీత గీసి కారణాలు రాయండి.

పేపరు మీద ఎలా రాయాలి

పైన చేసిన రెండో లెక్కను ఇలా రాస్తే చాలు:

```
E గుండా EG ∥ AB గీశాను.
AB ∥ CD కాబట్టి EG ∥ CD.
AB ∥ EG, BE తిర్యగ్రేఖ:
∠ABE + ∠BEG = 180°  (ఒకే వైపు అంతర కోణాలు)
∠BEG = 180° − 140° = 40°
EG ∥ CD, ED తిర్యగ్రేఖ:
∠GED + ∠CDE = 180°  (ఒకే వైపు అంతర కోణాలు)
∠GED = 180° − 125° = 55°
∠BED = 40° + 55° = 95°
```

ప్రతి జతకూ మూడు సంగతులు ఉండాలి. ఏ రెండు రేఖలు సమాంతరాలు, తిర్యగ్రేఖ ఏది, జత పేరేమిటి. తిర్యగ్రేఖ పేరు రాయకుండా 'ఏకాంతర కోణాలు' అని ఊరికే రాసేస్తే నేను నా దగ్గర మార్కు వేయను. ఎందుకంటే తిర్యగ్రేఖ ఏదో చెప్పలేని పిల్లవాడికి ఆ జత నిజంగా కనబడలేదన్నమాట, ఊహించాడు. మొదటి వరుస కూడా వదలకూడదు. బొమ్మలో లేని గీతను మీరు తెచ్చారు కాబట్టి అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి.

రెండు మడతలు ఉంటే

ఒక మడత వచ్చాక రెండు మడతలు కష్టం కాదు, ప్రతి మడత దగ్గరా ఒక గీత గీయాలి, అంతే. ఒకటి చేసి చూపిస్తాను.

పైన AB, కింద CD, సమాంతరాలు. A, C ఎడమ కొసలు. B నుంచి గీత ఎడమకు దిగుతూ E కి వస్తుంది, అక్కడ మడిచి కుడికి దిగుతూ P కి వెళ్తుంది, మళ్లీ మడిచి ఎడమకు దిగుతూ D కి చేరుతుంది. ∠ABE = 40°, ∠BEP = 65°, ∠EPD = 80°. ∠PDC కావాలి.

E గుండా కుడికి EF గీయండి. ∠BEF = 40°, ఏకాంతరం. మొత్తం 65° లో 40° పైకి పోయింది, మిగిలింది ∠FEP = 25°. ఇప్పుడు P గుండా ఎడమకు PH గీయండి. EF కుడికి, PH ఎడమకు, తిర్యగ్రేఖ EP. మళ్లీ ఏకాంతరం, ∠EPH = 25°. P దగ్గర మొత్తం 80°, కాబట్టి ∠HPD = 55°. ఆఖరుకి PH, CD, మధ్యలో PD. H ఎడమకు, C కూడా ఎడమకే. ఒకే వైపు. ∠PDC = 180° − 55° = 125°.

ఇందులో రెండుసార్లు ఏకాంతరం, చివర ఒకసారి ఒకే వైపు వచ్చాయి. అలవాటు మీద మూడోసారి కూడా ఏకాంతరం అనుకుని 55° రాసేవాళ్లు ఉంటారు. D దగ్గర బొమ్మ చూడండి. P నుంచి వచ్చే గీత ఎడమకు దిగుతోంది, అంటే D కి P కుడిపక్కన పైన ఉంది. C ఎడమ కొస. ఆ రెంటి మధ్య కోణం 90° దాటే ఉండాలి. 55° కి అవకాశమే లేదు. ప్రతి జత దగ్గరా ఆగి, రెండు చేతులూ ఏ పక్కకు ఉన్నాయి అని ఒక్కసారి అడగాలి. వేరువేరు పక్కలకైతే సమానం, ఒకే పక్కకైతే 180°.

ఈ దారి ఎక్కడ పనిచెయ్యదు

మడత రెండు రేఖల మధ్య కాకుండా బయట పడితే కూడిక కుదరదు. CD కి కింద E ఉందనుకోండి. ∠ABE = 70°, ∠CDE = 30°, రెండు గీతలూ ఎడమకు దిగుతూ వచ్చి E దగ్గర కలిశాయి. E గుండా కుడికి EF గీస్తే ∠BEF = 70°, ∠DEF = 30°, రెండూ ఏకాంతరమే. కానీ ఈసారి EB, ED రెండూ EF కి ఒకే పక్కన, పైనే ఉన్నాయి. ఒకదానిలో ఒకటి దూరి ఉన్నాయి. కాబట్టి ∠BED = 70° − 30° = 40°. గీత గీయడం అదే, ఏకాంతరం అదే, చివరి అడుగు మాత్రం తీసివేత. సూత్రం బట్టీ పట్టినవాడు ఇక్కడ 100° రాస్తాడు. గీత గీసినవాడికి ఆ పొరపాటు రాదు.

రెండోది, సమాంతరం అని ఇవ్వకుండా సమాంతరంలా కనిపించే బొమ్మ. మా స్టేషన్ ప్లాట్‌ఫారం కొసన నిలబడి చూస్తే పట్టాలు దూరాన కలిసిపోయినట్టు కనిపిస్తాయి. నిజానికి బ్రాడ్‌గేజ్ పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్ల ఎడం ఇక్కడా అంతే, అక్కడా అంతే. కంటికి కనిపించేదానికీ నిజానికీ తేడా ఉంటుందని పిల్లలకు అదే చూపిస్తాను. పుస్తకంలో దీనికి ఎదురు జరుగుతుంది. సమాంతరం కాని గీతలు చక్కగా సమాంతరంలా అచ్చు వేసి ఉంటాయి. గీతల మీద బాణం గుర్తులైనా ఉండాలి, AB ∥ CD అని మాటల్లోనైనా ఉండాలి. రెండూ లేకపోతే ఏకాంతరాలు సమానం అనడానికి మనకు హక్కు లేదు. జత ఏకాంతరమే అవుతుంది, సమానం మాత్రం కాకపోవచ్చు. ఆ పేరు స్థానాన్ని చెబుతుంది, కొలతను కాదు.

కోణాలు ఇచ్చి AB ∥ CD అని నిరూపించమన్నప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. 50°, 85°, 35° ఇచ్చారనుకోండి. E గుండా AB కీ CD కీ సమాంతరంగా గీత గీశాను అని మొదలుపెడతారు. నిరూపించవలసినదాన్ని ముందే ఒప్పేసుకున్నట్టు. అక్కడ EF ని AB కి మాత్రమే సమాంతరంగా గీయాలి. అప్పుడు ∠BEF = 50°. మిగిలింది 85° − 50° = 35°, అది ∠CDE కి సమానం. ఏకాంతర కోణాలు సమానం అయ్యాయి కాబట్టి EF ∥ CD. ఇప్పుడు AB, CD రెండూ EF కి సమాంతరాలు, కాబట్టి ఒకదానికొకటి సమాంతరాలు. ఇక్కడ నియమం వెనక్కి నడిచింది. అంతకుముందు సమాంతరం నుంచి సమానానికి వెళ్లాం, ఇప్పుడు సమానం నుంచి సమాంతరానికి వచ్చాం. కారణం రాసేటప్పుడు ఏ దిక్కున వెళ్తున్నామో తెలియాలి.

ఆ రోజు ఇంటికి వెళ్లే ముందు కుర్రాడికి ఒక లెక్క ఇచ్చాను. బొమ్మ కూడా వాడే వేసుకోవాలి. AB ∥ CD, మడత E రెండు రేఖల మధ్యనే ఉంది, ∠ABE = 118°, ∠CDE = 90°. మడత దగ్గర రెండు వైపుల కోణాలూ చెప్పమన్నాను. వాడు ముందు ఈనె వంచి టైల్స్ మీద పెట్టాడు. ED నిలువుగా పెట్టి, BE ని కుడికి వాల్చాడు. తర్వాత నోటుబుక్కు తీసి E గుండా రూలు మీద పెన్సిల్ తిప్పాడు. ఎడమవైపు 62° + 90° = 152°, కుడివైపు 118° + 90° = 208° అని రాసి, రెండూ కూడి 360 వచ్చిందో లేదో చూసుకుని చెప్పులేసుకున్నాడు.